ఒక బాణలి, నాలుగు పేర్లు

కూకట్‌పల్లిలోని ఆ వంటగదికి బయట బోర్డు లేదు. అందుకే మూతపడిన సంగతి ఆ వీధికే తెలియలేదు. యాప్‌లో మాత్రం ఒక్క రాత్రిలో నాలుగు హోటళ్లు మాయమయ్యాయి: ఒక బిర్యానీ, ఒక చైనీస్, ఒక రోల్స్, ఒక భోజనం.

నడిపినాయన వంట తెలియనివాడు కాదు. నాలుగు బ్రాండ్లకూ ఒకే సరుకు వాడాలన్న ఆలోచనా మంచిదే. పొద్దున మసాలా పట్టించిన బోన్‌లెస్ చికెన్ రోల్స్‌లో పోకపోతే నూడుల్స్‌లో పోతుంది, పారబోసేది తగ్గుతుంది. ఈ వ్యాపారంలో మిగిలే లాభం అక్కడే. కానీ ఆయన సరుకుతో ఆగలేదు, వంటకాన్నే పంచేశాడు. చికెన్ 65 నాలుగు మెనూల్లోకీ ఎక్కింది.

పాపం, నూనె బాణలి ఒక్కటే. వాయకు 4 ప్లేట్లు, 7 నిమిషాలు. శనివారం రాత్రి 8 నుంచి 9 లోపు నాలుగు పేర్ల మీదా కలిపి 40 ప్లేట్లు అడిగేవారు. అంటే 10 వాయలు, 70 నిమిషాలు. గంటలో 60 నిమిషాలేనన్న లెక్క మెనూ రాసిన రోజు ఎవరూ వేయలేదు. వంటమాస్టరు ఏం చేస్తాడు? వాయను ముందే దించడం మొదలుపెట్టాడు. ముక్క పైకి ఎర్రగానే ఉండేది, కొరికితే నడుమ పచ్చి. ఒకచోట తిని తిట్టుకున్నవాళ్లు రెండోసారి ఇంకో పేరు మీద తెప్పించుకుంటే అదే ముక్క వచ్చింది. నాలుగింటికీ ఫుడ్ లైసెన్స్ నంబరు ఒక్కటేనని అప్పుడు చూసుకున్నారు. రేటింగులు నాలుగూ కలిసే పడ్డాయి. అమెరికాలో ఉబర్ ఈట్స్ 2023లో ఇలాంటి జంట మెనూలనే వేల సంఖ్యలో ఏరేయడానికి పూనుకుంది. ఇక్కడ ఆ పని జనమే చేశారు.

అప్పటికైనా 65ను ఒక్క బిర్యానీ బ్రాండ్‌కే ఉంచి, రోల్స్‌కు పెనం మీద కాల్చే ముక్క పెట్టుంటే బాణలికి ఊపిరి ఆడేది. కానీ మార్చడానికి చేతిలో డబ్బేదీ? అదంతా అట్టపెట్టెల్లో ఇరుక్కుపోయింది. పేరు ముద్రించి ఇవ్వాలంటే సైజుకు 5,000 తీసుకోవాలన్నాడు ప్రింటరు. నాలుగు బ్రాండ్లకు మూడేసి సైజులు, మొత్తం 60,000 పెట్టెలు. ఒక్కోటి 9 రూపాయల లెక్కన 5 లక్షల 40 వేలు, ఒక్క ఆర్డరైనా రాకముందే. పైగా మూతకు ఆవిరి పోయే కంతల్లేవు. వేడి 65 పెట్టెలోనే చెమటపట్టి, ఇల్లు చేరేసరికి మెత్తబడిపోయేది.

మూసేశాక మిగిలిన పెట్టెలను పక్క వీధి కర్రీ పాయింట్ ఆవిడకు సగం ధరకు ఇస్తానన్నాడు. ఆవిడ ఒకటి తిప్పి చూసి, "మీ పేరుంది కదన్నా, నేనేం చేసుకోను? ఉత్త డబ్బాలైతే స్టిక్కరేసుకుని అన్నీ తీసుకునేదాన్ని" అంది. చివరికి పాత సామాన్లవాడు కిలోల లెక్కన తూచుకుపోయాడు.