ఫాయిల్‌లో మిగిలిపోయిన దుంపలు

మొన్న ఆదివారం మా పిల్లలు బంగాళదుంపల్ని ఒక్కోదాన్ని ఫాయిల్ పేపర్‌లో గట్టిగా చుట్టి ఓవెన్‌లో కాల్చారు. తినగా మిగిలిన నాలుగూ చుట్టినవి చుట్టినట్టే వంటగట్టు మీద ఉండిపోయాయి. మర్నాడు పొద్దున్నే అత్తయ్యగారు వాటిని చిదిమి పెరుగుపచ్చడి చేస్తానన్నారు. నేను వద్దన్నాను.

"కాలిన దుంపకి ఏమొస్తుందే? మేం పొయ్యి బూడిదలో కాల్చుకు తినలేదూ?" అన్నారావిడ.

ఆవిడ అన్నదాంట్లో తప్పేం లేదు. కానీ బూడిదలో దుంపకి ఫాయిల్ లేదు. పైగా అప్పటికప్పుడు ఒలుచుకుని తినేసేవాళ్ళు.

1994 ఏప్రిల్‌లో అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం ఎల్ పాసోలో ఒక గ్రీకు హోటల్‌లో తిన్నవాళ్ళు 30 మంది బోటులిజం అనే జబ్బున పడ్డారు. రెప్పలు వాలిపోవడం, ఒకటి రెండుగా కనబడటం, మాట ముద్దగా రావడం, మింగుడు పడకపోవడం దీని లక్షణాలు. తర్వాత పక్షవాతంలా కిందికి దిగుతుంది. నలుగురికి ఊపిరి కోసం మెషీను పెట్టాల్సొచ్చింది. ఎవరేం తిన్నారో ఆరా తీస్తే బంగాళదుంప పచ్చడి బయటపడింది. అది తిన్న 22 మందిలో 19 మందికి జబ్బు చేసింది. వంకాయ పచ్చడిలోనూ అదే విషం దొరికింది. రెండింటిలోకీ వాడినవి ఫాయిల్‌లో కాల్చి, విప్పకుండా, కొన్ని రోజులపాటు బయటే ఉంచిన దుంపలు.

కాల్చినా ఎందుకలా అయింది? ఈ సూక్ష్మజీవి మట్టిలో గింజలాంటి రూపంలో నిద్రపోతూ ఉంటుంది. దుంపతోపాటు మన ఇంటికొస్తుంది. ఓవెన్ ఎంత వేడెక్కినా తడి ఉన్న దుంప లోపల వేడి 100 డిగ్రీలు దాటదు, ఆ గింజ దానికి చావదు. పక్కనున్న మిగతా సూక్ష్మజీవులు మాత్రం చస్తాయి. ఇక ఫాయిల్ లోపలికి గాలి రానివ్వదు, తడి పోనివ్వదు. గాలి లేని చోటే దీనికి పుట్టిల్లు. దుంపలో పులుపూ లేదు, అడ్డుకోవడానికి. గది వేడిలో అది మొలకెత్తి విషం కక్కుతుంది. వాసన, రంగు మారకపోవచ్చు. విషాన్ని బాగా మరిగిస్తే పోతుంది, కానీ పచ్చడిని ఎవరు మరిగిస్తారు?

అక్కడ కొన్ని రోజులు, మాది ఒక్క రాత్రి, నిజమే. కానీ మన పెదపాడు ఎండల్లో రాత్రి కూడా వంటిల్లు చల్లబడదు, అలాంటి వేడే దానికి ఇష్టం. నేనైతే పందెం కాయను. కాలిన వెంటనే ఫాయిల్ విప్పేసి, రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టి ఉంటే ఆ నాలుగూ పచ్చడికి పనికొచ్చేవి.

అత్తయ్యగారు కాసేపు గొణిగారు. తర్వాత దొండకాయలు తెమ్మన్నారు.