మూలలు తీసిన చదరంగం పలక సమస్య

మూలలు తీసిన చదరంగం పలక సమస్య అంటే, 8×8 పలకలో ఎదురెదురు మూలల్లోని రెండు గళ్ళను తొలగించాక, మిగిలిన 62 గళ్ళను 31 డామినోలతో పూర్తిగా కప్పవచ్చా అనే ప్రశ్న. ఒక్కో డామినో పక్కపక్కనే ఉన్న రెండు గళ్ళను కప్పుతుంది. తత్వవేత్త మాక్స్ బ్లాక్ 1946లో దీన్ని ప్రతిపాదించాడు.

లెక్క సరిపోయినట్టే కనిపించినా కప్పడం అసాధ్యం. కారణం రంగుల్లో ఉంది. పలకపై 32 నల్ల గళ్ళు, 32 తెల్ల గళ్ళు ఉంటాయి. a1, h8 మూలలు రెండూ నల్లవే. అవి పోతే నల్లవి 30, తెల్లవి 32 మిగులుతాయి. పక్కపక్క గళ్ళ రంగులు ఎప్పుడూ వేరు కాబట్టి, ఎలా పెట్టినా ప్రతి డామినో ఒక నల్ల గడిని, ఒక తెల్ల గడిని కప్పుతుంది. 30 డామినోలు పెట్టేసరికి నల్లవి అయిపోయి, రెండు తెల్లవి మిగులుతాయి. ఒకే రంగు గళ్ళు పక్కపక్కన ఉండవు గనుక 31వ డామినోకు చోటు లేదు. రంగు వేయని పలకకూ ఇదే వర్తిస్తుంది. రంగు ఇక్కడ గళ్ళను రెండు వర్గాలుగా విడదీసే గుర్తు మాత్రమే.

తొలగించినవి ఒక నల్లది, ఒక తెల్లది అయితే, అవి ఎక్కడున్నా మిగిలిన పలకను కప్పవచ్చని రాల్ఫ్ గొమోరీ నిరూపించాడు. ఆయన 64 గళ్ళనూ ఒక్కోసారి మాత్రమే తాకుతూ, రంగులు మారుతూ సాగే మూసిన బాటను గీశాడు. భిన్న రంగుల గళ్ళు రెండు పోతే, మిగిలే ప్రతి ముక్కలోనూ సరిసంఖ్యలో గళ్ళుంటాయి. డామినోలను బాట వెంట వరుసగా పేర్చవచ్చు.

అయితే నాలుగు గళ్ళు తీసినప్పుడు రంగుల సమానత ఒక్కటే చాలదు. a2, b1 అనే తెల్ల గళ్ళతో పాటు వేరే చోట a1 కాని రెండు నల్లవి తీస్తే రంగులు 30 చొప్పున సమానమే, కానీ a1 ఒంటరిగా మిగిలిపోతుంది.