గండికోట: పర్యాటకం, పర్యావరణం

వైఎస్సార్ కడప జిల్లాలో జమ్మలమడుగు పట్టణానికి పడమరగా సుమారు 15 కిలోమీటర్ల దూరంలో, ఎర్రమల కొండల మీద వెలసిన కోట గండికోట. ఇక్కడ పెన్నా నది కొండలను కోసుకుంటూ వెళ్లి దాదాపు 300 అడుగుల లోతైన లోయను ఏర్పరచింది. కోట గోడలు, మాధవరాయ ఆలయం, రంగనాథ ఆలయం, జామియా మసీదు, ధాన్యాగారం ఈ లోయ అంచునే ఉన్నాయి. గత రెండు దశాబ్దాల్లో గండికోట రాయలసీమలోని ప్రముఖ పర్యాటక స్థలాల్లో ఒకటైంది. పెద్ద సంఖ్యలో వచ్చే జనం వల్ల కొండ ప్రాంతం ఎలా దెబ్బతింటుందో, సుస్థిర పర్యాటకం మార్చాలని చూసేదేమిటో తెలుసుకోవడానికి తెలుగు నేలపై ఇది మంచి ఉదాహరణ.

నేల స్వభావం

గండికోట బండలు కడప శిలా సముదాయానికి చెందినవి. వాటి వయసు వంద కోట్ల ఏళ్లు దాటింది. భూవిజ్ఞానులు ఈ సముదాయంలోని ఒక పొరను గండికోట క్వార్ట్‌జైట్ అనీ, దాని కింది పొరల్లో ఒకదాన్ని పులివెందుల క్వార్ట్‌జైట్ అనీ పిలుస్తారు. క్వార్ట్‌జైట్ చాలా గట్టి రాయి. వానకు, గాలికి అంత త్వరగా అరగదు కాబట్టే లోయ గోడలు నిట్టనిలువుగా నిలిచాయి.

రాయి గట్టిదైనా దాని మీది నేల మాత్రం అతి పలచన. బండల పగుళ్లలో, పల్లాల్లో కొన్ని అంగుళాల మట్టి మాత్రమే చేరుతుంది. ఆ మట్టిని గడ్డి, చిన్న పొదలు, రాళ్లను అంటిపెట్టుకునే నాచు పట్టి ఉంచుతాయి. వాన తక్కువగా పడే జిల్లా కాబట్టి కొత్త మట్టి ఏర్పడటానికి తరాలు పడుతుంది. గండికోటలో పెళుసైనది కొండ కాదు, కొండ మీది ఈ సన్నని పొర.

అడుగుల వల్ల కలిగే నష్టం

జనం నడిచినప్పుడు ముందు గడ్డి నలుగుతుంది. తర్వాత మట్టి అణగి గట్టిపడుతుంది. గట్టిపడిన మట్టిలోకి వాన నీరు ఇంకదు, పైపైనే పారుతుంది. వేర్ల పట్టు తప్పిన మట్టి ఒకటి రెండు పెద్ద వానలకే లోయలోకి కొట్టుకుపోతుంది. చివరికి మిగిలేది బోడి బండ. ఆ దశకు చేరాక కంచె వేసినా, విత్తనాలు చల్లినా ఫలితం ఉండదు, ఎందుకంటే మొలవడానికి అక్కడ మట్టే ఉండదు.

జనం రెట్టింపైతే నష్టమూ రెట్టింపవుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఎవరూ తొక్కని నేల మీద మొదటి కొన్ని వందల అడుగులే ఎక్కువ చెరుపు చేస్తాయి. అప్పటికే అరిగిన దారిలో ఇంకా వెయ్యి మంది నడిచినా అదనంగా పోయేది తక్కువ. జనాన్ని నలుమూలలకూ చెదరగొడితే భారం తగ్గుతుందన్న ఆలోచన ఇలాంటి చోట తలకిందులవుతుంది. చెదిరిన ప్రతి గుంపూ ఒక కొత్త చోటును మొదటిసారి తొక్కుతుంది. లోయ అంచున టెంట్లు ప్రతి వారం కాస్త పక్కకు జరిగితే ఏడాది తిరిగేసరికి అంచంతా బోడిబారుతుంది. అవే టెంట్లు ఒకే చోట, గట్టిపరచిన అరుగుల మీద ఉంటే మిగతా నేల బతుకుతుంది.

నష్టం మొదలైందని కంటితోనే పసిగట్టవచ్చు. కాలిబాట వెడల్పవుతూ పోతుంది. దాని పక్కనే రెండో బాట, మూడో బాట పుడతాయి. పొదల వేర్లు బయటపడతాయి. మట్టి కొట్టుకుపోయిన చోట రాయి, ఎండకూ గాలికీ ఇంకా రంగు మారక, చుట్టుపక్కల రాళ్ల కంటే లేత రంగులో కనిపిస్తుంది. ఏటా అదే చోట నిలబడి అదే వైపు ఫోటో తీసి పోల్చి చూస్తే ఈ మార్పులన్నీ తెలుస్తాయి. దీనికి పెద్ద ఖర్చేమీ అవసరం లేదు.

క్యాంప్‌ఫైర్లు మరో సమస్య. బండ మీద నేరుగా మంట వేస్తే రాతి పైపొర వేడికి సాగి, పెచ్చులుగా ఊడుతుంది. మసి మరక ఏళ్ల తరబడి చెక్కుచెదరదు. మంటకు ఏరుకునే ఎండు కట్టెలు అక్కడి పురుగులకూ బల్లులకూ ఆశ్రయం. అవి కుళ్లి ఆ కాస్త మట్టిలో కలవాలి, కానీ బూడిదవుతున్నాయి.

రద్దీ లెక్క

ఒక చోటు ఎంతమందిని భరించగలదో అంచనా వేయడానికి 1990ల నుంచి ఎక్కువగా వాడుతున్న పద్ధతి సిఫ్వెంతెస్ అనే పరిశోధకుడు రూపొందించినది. ముందు స్థలంలో ఒకేసారి ఎంతమంది పడతారో చూస్తారు. దాన్ని రోజుకు ఎన్ని విడతలు వీలవుతాయో ఆ సంఖ్యతో గుణిస్తారు. తర్వాత ఎండ, వాన, నేల కోత, నిర్వహణ సామర్థ్యం వంటి కారణాలను బట్టి ఆ అంకెను తగ్గిస్తారు.

లోయ అంచున ఒక ఊహాజనిత వ్యూ పాయింట్ తీసుకుందాం. క్షేమంగా నిలబడగల అంచు 60 మీటర్లు, మనిషికి ఒక మీటరు అనుకుంటే ఒకేసారి 60 మంది పడతారు. ఒక్కొక్కరు అరగంట ఉంటారు, రోజుకు పది గంటలు తెరిచి ఉంటుంది అనుకుంటే 20 విడతలు. అంటే రోజుకు 1,200 మంది. కాగితం మీద ఈ అంకె బాగానే కనిపిస్తుంది. అయితే గండికోటకు వచ్చేవాళ్లు ఎక్కువగా చూడాలనుకునేది సూర్యోదయం, సూర్యాస్తమయం. ఉదయం ఒక గంట, సాయంత్రం ఒక గంట అనుకుంటే దొరికేవి నాలుగు విడతలే, అంటే 240 మంది. 1,200 అంకెను నమ్మి టెంట్లకూ వాహనాలకూ అనుమతులిస్తే ఆ రెండు వేళల్లో మిగిలిన తొమ్మిది వందల పైచిలుకు మంది బండలెక్కి, పొదలు తొక్కి, కంచె లేని అంచు దాకా వెళ్తారు. నేల కోతకూ ప్రాణాపాయానికీ కారణం ఈ రెండు గంటలే. అందుకే రోజు మొత్తం పరిమితి కన్నా గంటవారీ పరిమితి ముఖ్యం.

ఈ పద్ధతికి ప్రత్యామ్నాయంగా అమెరికా అటవీ శాఖ పరిశోధకులు 1985లో మరో మార్గం ప్రతిపాదించారు. అందులో ఎంతమంది అన్న ప్రశ్నకు బదులు ఎంత మార్పును ఒప్పుకుంటాం అని అడుగుతారు. ఉదాహరణకు బాట వెడల్పు రెండు మీటర్లు దాటకూడదని ముందే నిర్ణయించుకుని, దాటిన రోజున ఆ బాట మూసేస్తారు.

నీరు, మురుగు

బస చేసే పర్యాటకులతో నీటి అవసరం పెరుగుతుంది. జల జీవన్ మిషన్ కింద పల్లెలో మనిషికి రోజుకు 55 లీటర్ల నీరు ఇవ్వాలన్నది లక్ష్యం. దేశంలో అమల్లో ఉన్న భవన నిర్మాణ ప్రమాణాల ప్రకారం మామూలు హోటల్‌లో ఒక్కో అతిథికి 180 లీటర్లు, ఐదు నక్షత్రాల హోటల్‌లో 320 లీటర్లు లెక్కగడతారు. వంద మంది అతిథులున్న విలాసవంతమైన హోటల్ రోజుకు 32,000 లీటర్లు వాడుతుంది. అది పల్లెలో దాదాపు 580 మందికి సరిపోయే నీరు. తక్కువ మంది, ఎక్కువ ఖర్చు అనే విధానం అడుగుల భారాన్ని తగ్గిస్తుంది కానీ నీటి భారాన్ని పెంచుతుంది. గండికోటలో పెద్ద హోటళ్ల ప్రతిపాదనలను ఈ కోణంలోనూ చూడాలి.

వాడిన నీటిలో దాదాపు 80 శాతం మురుగై తిరిగి వస్తుంది. మామూలు నేలలో ఇంకుడు గుంత దాన్ని వడగడుతుంది. పగుళ్లున్న క్వార్ట్‌జైట్‌లో వడగట్టే మట్టి లేదు. మురుగు పగుళ్ల వెంట దిగి లోయలోకి చేరుతుంది. ఆ లోయ మైలవరం జలాశయం వైపు సాగుతుంది, దాని దిగువన పెన్నా ఒడ్డున జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ఉన్నాయి. ఈ రెండు ఊళ్లకూ పెన్నా నీళ్లు ఆధారం కాబట్టి కొండ మీద మురుగు శుద్ధి వాళ్ల సమస్య కూడా.

తీరంలో ఇదే కథ

తీరంలో బండకు బదులు ఇసుక దిబ్బలున్నాయి. దిబ్బల మీద పాకే తీగలు ఇసుకను పట్టి ఉంచుతాయి. అవి నలిగితే గాలికీ అలలకూ దిబ్బ కరిగిపోతుంది. ఆంధ్ర తీరంలో చలికాలం చివర గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే తాబేళ్ల పిల్లలు సముద్రం మీది వెలుతురును చూసి దారి పట్టుకుంటాయి. రిసార్టు దీపాలుంటే అవి దారి తప్పి ఒడ్డు వైపు నడుస్తాయి.

విశాఖ రుషికొండ బీచ్‌కు 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. 2025లో నిర్వహణ లోపాల వల్ల ఆ జెండాను కొంతకాలం దించాల్సి వచ్చింది. పక్కనే ఉన్న కొండను 2021 తర్వాత నిర్మాణాల కోసం తవ్విన వ్యవహారం హైకోర్టుకు వెళ్లింది. గుర్తింపు పొందడం ఒక ఎత్తు, దాన్ని ప్రతిరోజూ నిలబెట్టుకోవడం మరో ఎత్తు.

థాయిలాండ్‌లోని మాయా బే అనుభవం ఇంకా స్పష్టమైనది. పగడపు దిబ్బలు దెబ్బతిన్నాయని 2018 జూన్‌లో ఆ తీరాన్ని మూసేశారు. పగడాలను తిరిగి నాటారు, సొరచేపలు మళ్లీ వచ్చాయి. 2022 జనవరిలో తెరిచినప్పుడు పడవలను తీరం ముందుకు రానివ్వకుండా వెనుక వైపు ఆపేలా చేసి, విడతకు ఇంతమందే అని పరిమితి పెట్టారు.

సుస్థిర పర్యాటకం మార్చాలనుకునేవి

మాయా బే పాఠాన్ని గండికోటకు అన్వయిస్తే మూడు పనులు తేలతాయి. మొదటిది, వాహనాలనూ టెంట్లనూ అంచుకు దూరంగా ఆపి, అంచు దాకా ఒకే రాతి బాట వేయడం. రెండోది, సూర్యోదయం వేళకు టైమ్ స్లాట్ టికెట్ పెట్టడం. మూడోది, మురుగును కొండ మీదే శుద్ధి చేసి మొక్కలకు వాడటం, అది వీలుకాని చోట బస కట్టకపోవడం.

చట్టం కొంత తోడ్పడుతుంది. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాల చుట్టూ 100 మీటర్ల లోపల కొత్త నిర్మాణాలు నిషిద్ధం, ఆపై 200 మీటర్ల దాకా అనుమతి తప్పనిసరి. 2022 జులై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ కప్పులు, ప్లేట్లు, చెంచాలు నిషేధంలో ఉన్నాయి. నీళ్ల సీసాలు ఆ జాబితాలో లేవు. లోయ అంచున ఎక్కువగా పడేవి అవే కాబట్టి సీసాకు డిపాజిట్ తీసుకుని, ఖాళీది తెచ్చి ఇచ్చినప్పుడు డబ్బు తిరిగి ఇచ్చే ఏర్పాటు ఇక్కడ చట్టం కన్నా ఎక్కువ ఉపయోగపడుతుంది.

పరిమితులు

పరిమితి పెడితే కొందరి సంపాదన తగ్గుతుంది. టెంట్లు అద్దెకిచ్చే స్థానిక యువకులు, భోజనం పెట్టే కుటుంబాలు, ఆటో నడిపేవాళ్లు ముందు నష్టపోతారు. టికెట్ డబ్బు ఊరికి రాకుండా వేరే ఖాతాలోకి వెళ్తే వాళ్లు ఆ నిబంధనలను ఎందుకు పాటిస్తారు? అందుకే బాట నిర్వహణ, సీసాల డిపాజిట్, గైడ్ల పని స్థానికులకే అప్పగించడం సుస్థిర పర్యాటకంలో తప్పనిసరి భాగం. చెత్త ఏరితే స్థలం బాగుపడిందని అనుకోవడం మరో పొరపాటు. చెత్తను ఒక ఉదయంలో తీసేయవచ్చు. కొట్టుకుపోయిన మట్టిని మాత్రం ఎవరూ తిరిగి తీసుకురాలేరు. గండికోట నిర్వహణ బాగుందో లేదో చెప్పే అసలు కొలమానం బాటల వెడల్పు, వాటి పక్కన మిగిలిన గడ్డి.