అడ్డం వీడియో నిలువుగా మారాలంటే: సూరత్ చీర చెప్పే పాఠం

సూరత్‌లోని సలాబత్‌పురా చీరలు, డ్రెస్ మెటీరియల్ టోకు వ్యాపారానికి పేరున్న ప్రాంతం. అలాంటి చోట ఒక దుకాణం కోసం అడ్డం వీడియోకు రాసుకున్న ఒక నిమిషం స్క్రిప్టు ఉందనుకుందాం. ముందు దుకాణం, తర్వాత అమ్మకందారు పలకరింపు, బల్లమీద పరిచిన చీర మీదుగా కుడి నుంచి ఎడమకు కదిలే కెమెరా, చివరికి పల్లూ, ధర. దీన్నే ఫోన్‌లో నిలువుగా చూపాలంటే అంచులు కత్తిరిస్తే సరిపోదు.

కారణం లెక్కలోనే ఉంది. 1920×1080 ఫ్రేమ్ నుంచి 9:16 నిష్పత్తిలో ముక్క తీస్తే వెడల్పు సుమారు 607 పిక్సెళ్లే మిగులుతుంది. అంటే దృశ్యంలో మూడింట రెండు వంతులు పోతుంది. మిగిలినదాన్ని 1080కి సాగదీస్తే జరీ గీతలు మసకబారతాయి. 4కె లో తీసి ఉంటే ఈ ముక్క 1215 పిక్సెళ్లుంటుంది కనుక స్పష్టత నిలుస్తుంది. కానీ కూర్పు సమస్య అలాగే ఉంటుంది.

అయిదున్నర మీటర్ల చీర అడ్డం ఫ్రేముకు నప్పుతుంది. నిలువు ఫ్రేములో దాన్ని వేలాడదీయాలి, లేదా బొమ్మకు కట్టాలి. అప్పుడు భుజం నుంచి జారే పల్లూ, పైనుంచి కిందికి నడిచే అంచు ఫ్రేమును సహజంగా నింపుతాయి. పక్కకు జరిగే కెమెరా ఇరుకు ఫ్రేములో డిజైన్‌ను చప్పున దాటేస్తుంది. దాని బదులు స్క్రిప్టులో ‘పైనుంచి కిందికి నెమ్మదిగా’ అని రాసుకోవాలి. పక్కపక్కన నిలబడ్డ అమ్మకందారు, కొనుగోలుదారు ఇద్దరూ పట్టరు కాబట్టి ఒకరి తర్వాత ఒకరిని చూపాలి.

అక్షరాల చోటు కూడా మారుతుంది. అడ్డం వీడియోలో ధర కింద వేస్తారు. రీల్స్‌లో అక్కడే ఖాతా పేరు, వివరణ వస్తాయి, కుడివైపు బటన్లుంటాయి. మెటా రీల్స్ ప్రకటనలకు సూచించే ప్రకారం పైన 14 శాతం, కింద 35 శాతం ఖాళీ ఉంచాలి. 1920లో మిగిలేది సుమారు 980 పిక్సెళ్లు. ధర, బట్ట రకం ఆ మధ్య భాగంలో, చీర డిజైన్‌ను కప్పకుండా రావాలి. తెలుగులో ఒత్తులు కింది వరుసను తాకుతాయి. అందుకే వరుసల మధ్య ఎడం పెంచి, ఒక్కో తెరపై రెండు పొట్టి వరుసలకు మించనివ్వకూడదు.

వేగం విషయానికొస్తే, చివర ఉన్న పల్లూ మొదటికి రావాలి. 30 సెకన్ల కొత్త క్రమం ఇలా ఉండవచ్చు: పల్లూ దగ్గరి దృశ్యం 3 సెకన్లు, కట్టిన చీర 7, అంచు 6, బట్ట చేత్తో పట్టి చూపడం 6, బ్లౌజు ముక్క 4, ధర 4. పలకరింపు, దుకాణం దృశ్యం తీసేయవచ్చు. మాటలను గట్టిగా చదివి గడియారం చూసుకోవాలి. ఊపిరి తీసుకునే వీల్లేకపోతే వాక్యం తగ్గించాలి, వేగం పెంచకూడదు.

చివరి పరీక్ష ఫోన్‌లోనే. శబ్దం ఆపి, చేతి దూరంలో పెట్టి చూడాలి. ధర ఒక్కసారిలో చదవలేకపోయినా, అంచు ఏ రంగో చెప్పలేకపోయినా, ఆ దృశ్యం ఇంకా అడ్డం వీడియోదే.