ఎడమవైపే గుణిస్తే గుణకమా?
కవితా సంకలనం, బడిలెక్కల వ్యవకలనం, ఇంటర్ పుస్తకాల సమాకలనం: మూడింటికీ మూలం సంస్కృత ‘కల్’ ధాతువే. లెక్కించడం దాని అర్థాల్లో ఒకటి. భాస్కరుడి లీలావతిలో (1150) సంకలితమంటే కూడిక, వ్యవకలితమంటే తీసివేత. గుణకమంటే గుణించేది. ‘సమాకలన గుణకం’ కాస్తా ‘ఐ.ఎఫ్.’గా కుదించుకుపోయాక ఆ గుణించే పని మరుగునపడింది. చాలామంది అవకలన సమీకరణాన్ని ఎడమవైపు మాత్రమే గుణించి ఊరుకుంటున్నారు. ఉదాహరణకు, 100 లీటర్ల మంచినీళ్లున్న ట్యాంకులోకి లీటరుకు 20 గ్రాముల ఉప్పున్న నీరు నిమిషానికి 3 లీటర్లు వస్తోంది, బాగా కలిసి 2 లీటర్లు పోతోంది. t నిమిషాలకు నీరు 100+t లీటర్లు. ఉప్పు y గ్రాములైతే y' + 2y/(100+t) = 60. గుణకం (100+t)². రెండువైపులా గుణిస్తే ఎడమవైపు మొత్తం (100+t)²y అనే ఒకే లబ్ధానికి అవకలజమవుతుంది. సమాకలనం చేసి, మొదట ఉప్పు సున్నా అని పెడితే y = 20(100+t) − 20·100³/(100+t)². 100 నిమిషాలకు 3500 గ్రాములు, అంటే లీటరుకు 17.5, వచ్చే నీటి 20 కంటే తక్కువే, సబబే. కుడివైపు గుణించడం మరిస్తే వచ్చేది 0.15 గ్రాము! లోపలికి పోసిన ఉప్పేమో 6000 గ్రాములు. ట్యాంకు నిండి పొర్లితే మాత్రం సమీకరణమే మారిపోతుంది.