ఉత్పత్తిదారుల విస్తృత బాధ్యత (ప్లాస్టిక్ ప్యాకింగ్)

వాడి పారేసిన ప్యాకింగును సేకరించి రీసైకిల్ చేయించే ఖర్చును దాన్ని మార్కెట్లోకి తెచ్చిన కంపెనీలే భరించాలనే నిబంధన. ప్లాస్టిక్ ప్యాకింగుకు భారత ప్రభుత్వం 2022 ఫిబ్రవరిలో దీని లక్ష్యాలు నిర్ణయించింది.

ఒక షాంపూ కంపెనీ గత రెండేళ్లలో సగటున ఏటా 100 టన్నుల సాషే ప్లాస్టిక్ వాడిందనుకుందాం. 2023-24 నుంచి లక్ష్యం నూరు శాతం కాబట్టి దాదాపు 100 టన్నులకూ అది లెక్క చెప్పాలి. రీసైక్లర్లు తాము శుద్ధి చేసిన బరువుకు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో సర్టిఫికెట్లు పొందుతారు. కంపెనీ వాటిని కొంటుంది. పలుపొరల సాషేలకు గట్టి సీసాల సర్టిఫికెట్లు చెల్లవు. లోటుకు పర్యావరణ పరిహారం కట్టినా బాధ్యత తీరదు, మూడేళ్ల దాకా కొనసాగుతుంది.

దొంగ సర్టిఫికెట్లే పెద్ద లోపం. యంత్రాల సామర్థ్యానికి, కరెంటు వాడకానికి మించిన టన్నులు చూపితే తనిఖీలో మోసం బయటపడుతుంది.