చొక్కా కాలరు మార్చిన ఛాయాచిత్రాలు

1860 ఫిబ్రవరి 27వ తేదీన అబ్రహాం లింకన్ న్యూయార్కు నగరంలో మాథ్యూ బ్రాడీ అనే ఛాయాగ్రాహకుని స్టూడియోకు వెళ్ళాడు. ఆ రాత్రే కూపర్ యూనియన్ భవనంలో ఆయన ఉపన్యాసం. లింకన్ చాలా పొడగరి. మెడ కూడా పొడుగే. ఫోటోలో అది కొట్టవచ్చినట్లు కనబడుతుందని గ్రహించి బ్రాడీ ఆయన కాలరును కొంచెం పైకి లాగి సర్దాడు. మెడను పొట్టి చేస్తున్నారన్నమాట అని లింకన్ నవ్వినట్లు బ్రాడీ తరువాత చెప్పుకొన్నాడు.

ఇక్కడ కాలరు మారినది బొమ్మలో కాదు, మనిషి ఒంటి మీదనే. అందువల్ల కాలరు నీడ దానంతట అదే మెడ మీద పడింది, గుడ్డ మడతలు వాటంతట అవే ఏర్పడ్డాయి. మన ఊళ్ళ స్టూడియోలలో ఒకప్పుడు కోటు, టై మేకుకు తగిలించి ఉంచేవారు. వచ్చినవారు వాటిని తొడుక్కొని ఫోటో తీయించుకొనేవారు. అదీ బ్రాడీ పద్ధతే. చిక్కంతా ఫోటో తీసిన తరువాత కాలరు మార్చవలసి వచ్చినప్పుడు మొదలవుతుంది.

లింకన్ హత్య జరిగిన 1865 ప్రాంతంలోనే ఇటువంటి పని ఒకటి జరిగింది. ఆయన నిలువెత్తు చిత్రానికి గిరాకీ ఏర్పడింది. కాల్హూన్ అనే నాయకుని నిలువెత్తు చెక్కడపు చిత్రం 1852లోనే అచ్చయి ఉన్నది. ఆ శరీరం మీద లింకన్ తలను చేర్చి కొత్త చిత్రం అచ్చువేశారు. కాల్హూన్ బానిసత్వాన్ని గట్టిగా సమర్థించినవాడు కావడం ఇందులోని విడ్డూరం. తలకు ఆధారం బ్రాడీ స్టూడియోలో 1864లో తీసిన ఫోటో. చెక్కడపు చిత్రంలో తలనూ బట్టనూ ఒకే రకం గీతలతో మళ్ళీ గీస్తారు కనుక మెడ దగ్గర అతుకు కనబడలేదు. ఆ మోసాన్ని బయటపెట్టినది చాలా ఏళ్ళ తరువాత లింకన్ చిత్రాలను పరిశోధించిన స్టెఫాన్ లొరాంట్. లింకన్ కుడి చెంప మీద ఉండే పుట్టుమచ్చ ఈ చిత్రంలో ఎడమ చెంప మీద ఉన్నది. అంటే తలను అద్దంలో వలె తిరగవేశారన్నమాట. ఈ తిరగవేత సంగతి గుర్తుంచుకోండి, బొత్తాల దగ్గర మళ్ళీ వస్తుంది.

ఛాయాచిత్రంలో అలా గీతల చాటున దాక్కోవడం కుదరదు. గాజు పలక మీద తయారయ్యే నెగెటివ్‌లో తెలుపు నలుపులు తారుమారుగా ఉంటాయి. తెల్లని కాలరు నుంచి ఎక్కువ కాంతి వచ్చినందువల్ల అక్కడ వెండి దట్టంగా పేరుకొని నల్లబడుతుంది. నల్లకోటు ఉన్నచోట పలక దాదాపు పారదర్శకంగా ఉంటుంది. కాబట్టి నెగెటివ్ మీద పెన్సిలుతో నల్లగా రుద్దితే, అచ్చు కాగితం మీద ఆ చోటు తెల్లబడుతుంది. చాకుతో పొరను పలచగా గీకితే ఆ చోటు నల్లబడుతుంది. పెన్సిలు పట్టడానికి పలక మీద ముందుగా జిగురువంటి వార్నీషు రాసేవారు. మ్యూనిక్ నగరానికి చెందిన హాన్‌ఫ్‌స్టేంగిల్ 1855 పారిస్ ప్రదర్శనలో ఒకే ముఖచిత్రాన్ని దిద్దకముందు ఒకటి, దిద్దిన తరువాత ఒకటి పక్కపక్కన ఉంచి జనాన్ని ఆశ్చర్యపరిచాడని ఛాయాగ్రహణ చరిత్రలలో చెబుతారు.

తెల్లకాలరును చేర్చడం పెన్సిలుకు సులభమే. నల్లకోటును పెంచడం చాకుకు సులభమే. కాని మెడ తెలుపూ కాదు, నలుపూ కాదు. ఒక వైపు వెలుగు, రెండవ వైపు నీడ, నడుమ మెల్లగా మారే ఛాయలు. కాలరు కప్పిన భాగం నుంచి కాంతి కెమెరాను చేరనేలేదు. ఆ మెడ ఎట్లా ఉండేదో పలకకు తెలియదు. దిద్దేవాడు ఊహించి గీయవలసిందే. అందుచేత విప్పిన కాలరును మూయడం ఒక పని, మూసిన కాలరును విప్పడం పూర్తిగా వేరొక పని.

1990లో ఫోటోషాప్ వచ్చిన తరువాత పెన్సిలు, చాకు పోయి మౌసు వచ్చింది గాని ఈ చిక్కు పోలేదు. ఒక ఉదాహరణ చూద్దాం. ఒక తాతగారి ఫోటో ఉన్నదనుకొందాం. వెడల్పాటి కొనల కాలరు, పై బొత్తాం విప్పి ఉన్నది. వెలుగు బొమ్మకు ఎడమవైపు నుంచి పడుతున్నది. ఇంటివారు నిలువు పట్టీ కాలరు కావాలన్నారు.

మొదట పాత కాలరు రెక్కలను తీసివేయాలి. వాటి క్రింద ఉన్న గుడ్డ మనకు లేదు. రెక్క పక్కనే ఉన్న గుడ్డను నకలు తీసి అక్కడ పరుస్తాము. ఎడమవైపు గుడ్డ తెచ్చి కుడివైపు వేస్తే అతుకు ఎంత నున్నగా ఉన్నా వెలుగు తేడా పట్టిస్తుంది. చారల చొక్కా అయితే ప్రతి చార భుజం కుట్టు దగ్గర నుంచి తెగకుండా దిగాలి.

తరువాత కొత్త పట్టీ. దానిని తిన్నని అడ్డగీతలా గీయడం మొదటిసారి చేసేవారి అలవాటు. చెంబు అంచును కొంచెం పైనుంచి చూడండి: గుండ్రని అంచు కోడిగ్రుడ్డు ఆకారంలో కనబడి, మనవైపు ఉన్న సగం క్రిందికి వంగుతుంది. కెమెరా సాధారణంగా కాలరు కన్న ఎత్తులో ఉంటుంది కనుక పట్టీ అంచు కూడా అదే విధంగా నడుమ వంగి, రెండు చివరలా మెడ వెనుకకు పోవాలి.

అన్నిటికన్న నిజం పలికించేది అంచు. గుడ్డకు మందం ఉన్నది. పట్టీ పై అంచున సన్నని వెలుగు గీత, దానికి కొంచెం దిగువన కుట్టు, మెడకు తగిలే చోట ఇరుకైన చిక్కని నీడ ఉండాలి. ఆ నీడ అంచు దగ్గర గాఢంగా ఉండి దూరం జరిగేకొద్దీ పలచబడుతుంది. అది లేకపోతే కాలరు మెడ చుట్టూ ఉన్నట్లుగాక మెడ మీద అంటించినట్లు ఉంటుంది. తెల్లగుడ్డ అయితే దాని మీదినుంచి తిరిగివచ్చిన వెలుగు గడ్డం అడుగున కొద్దిగా పడుతుంది, దానినీ చేర్చాలి. కటకం ఏ అంచునూ కత్తిరించినంత పదునుగా చూపదు. తక్కిన బొమ్మలో చెవి అంచు రెండు మూడు చుక్కల మేర మెత్తబడి ఉంటే కాలరు అంచూ అంతే మెత్తబడాలి. పాత ఫోటోకు ఉండే సన్నని గరుకు కొత్తగా చేర్చిన భాగంలోనూ ఉండాలి. లేకపోతే అక్కడ గుడ్డ మైనం పూసినట్లు కనబడుతుంది.

ఇక బొత్తాల పట్టీ. విప్పిన చోట అది రెండుగా చీలి ఉన్నది. క్రింది భాగపు పట్టీని నకలు తీసి గొంతు దాకా తేవాలి. బొత్తాల నడుమ ఎడం సమంగా ఉండాలి. కాలరు బొత్తాముకూ దాని దిగువ బొత్తాముకూ నడుమ మాత్రం కొద్దిగా తక్కువ ఉండటం దర్జీల పద్ధతి. మగవారి చొక్కాలో కాజాలున్న ఎడమ పట్టీ పైకి వస్తుంది. ఎడమ అంటే తొడుక్కున్నవారి ఎడమ. వేరొక ఫోటో నుంచి ముక్క తెచ్చి, వెలుగు కుదరడం కోసం దానిని తిరగవేశారా, కుడి పట్టీ పైకి వచ్చి కూర్చుంటుంది. లింకన్ పుట్టుమచ్చ లొరాంట్‌కు చెప్పినదే ఈ బొత్తాలు దర్జీకి చెబుతాయి.

ఇంతవరకు మెడను కప్పడమే. ఇంటివారు దీనికి ఎదురుగా, మూసిన కాలరును విప్పి చూపమంటే, చెవుల వెనుక నుంచి గొంతు గుంట దాకా దిగే రెండు కండరాలను, ఆ గుంటను, అక్కడి ముడతలను నిర్మించాలి. అవి మనిషి మనిషికీ వేరు. ఆయనదే, అదే వయసుది, వెలుగు అదే వైపు నుంచి పడినది మరొక ఫోటో దొరికితే అందులోని మెడను తీసుకోవచ్చును. దొరకకపోతే మరొకరి మెడ పెట్టడమే అవుతుంది; తాతగారిని ఎరిగినవారు అది చూసి, కారణం చెప్పలేకపోయినా, పోలిక రాలేదంటారు. దిద్దిన ప్రతిని వేరే పేరుతో దాచి, అసలు ఫోటోను తాకకుండా ఉంచడం ఇందుకే.